కార్డులు మాన్పించే ముందు ఆమె లెక్కల పుస్తకం చూడండి

ప్రశ్న: మా అమ్మాయి నల్గొండలో హాస్టల్లో ఉండి బీకాం రెండో సంవత్సరం చదువుతోంది. గ్రీటింగ్ కార్డులు చేసి అమ్ముతోంది. చదువు పాడవుతుందేమో. మాన్పించాలా? లేక డిగ్రీ ఆపించి గ్రాఫిక్ డిజైన్ కోర్సులో చేర్పించాలా? — ఒక తండ్రి, దేవరకొండ

జవాబు: మహబూబ్‌నగర్‌లో డిగ్రీ చదివిన ఒక అమ్మాయి రెండేళ్ల లెక్కల పుస్తకాన్ని నేను స్వయంగా చూశాను. మీ భయానికి సమాధానం అందులోనే ఉంది.

ఆమె ఒక ఏ4 మందపు షీటును రెండుగా కోసి, మడిచి, రెండు కార్డులు చేసేది. మొదట్లో తెల్ల జిగురు ఎక్కువై కార్డులు వంకర తిరిగాయి, మడత దగ్గర కాగితం పగిలింది. జిగురు మాని రెండు వైపులా అంటుకునే టేపు వాడింది. ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో స్కేలు వెంట గీత నొక్కి మడిచాక పగుళ్లు ఆగిపోయాయి. కవరుతో సహా ఒక్కో కార్డుకు 12 రూపాయలు ఖర్చయ్యేది, 40కి అమ్మితే 28 మిగిలేవి. మొదటి ఏడాది నెలకు పన్నెండు కార్డులకు మించి అమ్ముడుపోలేదు కాబట్టి, ఆ 336 రూపాయలు పాత పుస్తకాలకూ జిరాక్సులకూ సరిపోయాయి.

అసలు మార్పు ఆమె గంటలు లెక్కపెట్టినప్పుడు వచ్చింది. సన్నని కాగితపు పట్టీలు చుట్టి చేసే, అందరూ మెచ్చుకున్న క్విల్లింగ్ పూల కార్డు 80 రూపాయలకు పోయినా, 20 ఖర్చు పోగా మిగిలిన 60 రూపాయలకు మూడు గంటలు పట్టేది, అంటే గంటకు ఇరవై. సాదా కార్డు అరగంటలో అయ్యేది కనుక గంటకు 56 వచ్చేవి. క్విల్లింగ్ తగ్గించి, పేరు రాయమన్న కార్డులకు సగం డబ్బు ముందే తీసుకుంది, ఎందుకంటే వేరొకరి పేరున్న కార్డును ఎవరూ కొనరు. రెండో ఏడాదికి నెలకు 60 కార్డులు చేసి, 1,680 రూపాయలతో మెస్ బిల్లు కట్టుకోగలిగింది. కొత్త సంవత్సరానికి వచ్చిన అదనపు డబ్బును, అమ్మకాలు లేని సెమిస్టర్ పరీక్షల నెల కోసం దాచేది.

అయితే అరవై కార్డులంటే నెలకు ముప్పై గంటలు, అంటే రోజుకు ఒక గంట. అంతకు మించితే చదువుకు గండి పడుతుంది, కాబట్టి ఈ ఆదాయానికి హద్దు ఉంది. ఇక డిజైన్ కోర్సు మాట నాకు నచ్చలేదు. ఆ కోర్సుల్లో పని దాదాపు అంతా కంప్యూటర్ మీదే సాగుతుంది. కాగితం కోసే చేతికి అది నచ్చుతుందని ఎవరు చెప్పారు? అమ్మాయిని అడగకుండానే డిగ్రీ ఆపించే ఆలోచన మీకు ఎలా వచ్చిందండీ? ఖర్చు, ధర, నిల్వ అన్నీ స్వయంగా రాసుకునే బీకాం విద్యార్థిని తన పాఠాన్నే ఆచరణలో నేర్చుకుంటోంది.

ఈ ఆదివారం హాస్టల్‌కు వెళ్లి, కోప్పడకుండా, ఆమె రోజుకు ఎన్ని గంటలు కార్డులకు కేటాయిస్తోందో అడగండి. గంట దాటితే ఆర్డర్లు తగ్గించుకోమనండి. బ్యాక్‌లాగ్‌లు లేకపోతే, తిరిగి వచ్చేటప్పుడు ఒక కట్ట మందపు షీట్లు కొనిచ్చి రండి.