గోడ క్యాలెండర్‌ను తేదీలవారీగా ఎక్కించేటప్పుడు 24/31 గడి దగ్గర ఆగండి

ప్రశ్న: మా ఇంట్లో పాత గోడ క్యాలెండర్ పేజీలను ఫొటోలు తీసిన. ఒక్కో గడిలో పండుగ, తిథి అచ్చులో ఉన్నయ్, వాటి మీద మా పెద్దోళ్లు పెన్నుతో రాసిన లెక్కలు ఉన్నయ్. అన్నీ తేదీలవారీగా షీట్‌లో ఎక్కించాలంటే ఎట్ల చేయాలె? రెండు సార్లు చేస్తే రెండు రకాలుగా వచ్చింది.

జవాబు:

మాది హాలియా దగ్గర. మా నాయిన బర్రెల పాల లెక్క, కూలోళ్ల లెక్క అంతా క్యాలెండర్ మీదనే రాస్తడు. సంవత్సరం అయిపోంగనే ఆ కాగితాలు పిల్లల పుస్తకాలకు అట్టలైపోతయ్. అట్ల పోకముందే 2024 క్యాలెండర్ మొత్తం ఫొటోలు తీసి ఎక్కించిన. మొదటిసారి నాక్కూడా మీలాగే తప్పొచ్చింది. మార్చి పేజీ పట్టుకుని చెప్త, అన్ని చిక్కులూ అందులోనే ఉన్నయ్.

మొదటి తప్పు చదివే దిక్కులో జరిగింది. మా క్యాలెండర్‌లో వారాల పేర్లు ఎడమ పక్కన కిందికి ఉంటయ్, తేదీలు కూడా పైనుంచి కిందికే నడుస్తయ్. నేనేమో బడిలో అలవాటైనట్టు అడ్డంగా చదువుకుంటూ పోయిన. 3 తర్వాత 10, 17 వచ్చేదాకా ఏదో తేడా ఉందని తట్టలేదు. అందుకే ఇప్పుడు ఫొటో చూసి తేదీలు టైపు చేయడం మానేసిన. ముందు షీట్‌లో A2లో నెల మొదటి తేదీ వేసి, మిగతావి ఫార్ములాతో నింపుత:

```
A3:  =A2+1
B2:  =TEXT(A2,"dddd")
```

2024 మార్చి 1 శుక్రవారం. షీట్‌లో వచ్చిన వారం, ఫొటోలో ఆ గడి ఉన్న వరుస ఒకటి కాకపోతే అక్కడే ఆగాలె. తేదీలు సిద్ధంగా ఉంటే మనం చేసేది గడిలో ఉన్నదాన్ని దాని తేదీ పక్కన పెట్టడమే.

తర్వాత అచ్చు ఒక్కటే ఒకసారి, చేతిరాత ఒక్కటే ఇంకోసారి చేయండి. రెండూ కలిపి చేస్తే పండుగ చదివిన కన్ను పెన్ను గీతను వదిలేస్తది. మీకు రెండు రకాలుగా రావడానికి అదే కారణమై ఉంటది. నా షీట్‌లో తేదీ, వారం, అచ్చు, చేతిరాత, అనుమానం అని అయిదు నిలువు వరుసలు.

అచ్చులో ఏది ఉంటే అదే రాయండి, దిద్దకండి. 8వ తేదీ గడిలో మహాశివరాత్రి అని ఎర్రగా ఉంది, కింద చిన్న అక్షరాల్లో త్రయోదశి అని ఉంది. శివరాత్రి అంటే చతుర్దశి కదా, నేనే తప్పు చదివిన్నేమో అనుకుని ఫొటోను పెద్దది చేసి మళ్లీ చూసిన. తప్పేం లేదు. గడిలో వేసేది సూర్యోదయానికి ఉన్న తిథి, పక్కన ఉండే గంటలు అది ముగిసే సమయం. ఆ రోజు రాత్రి పది దగ్గరదాకా త్రయోదశే, ఆ తర్వాత చతుర్దశి వచ్చింది. అట్లనే 'తె' అని ఉన్న సమయం గడియారం ప్రకారం మరుసటి రోజుదే అయినా, పంచాంగంలో ఈ గడిదే. దాన్ని కింది తేదీకి జరపొద్దు.

ఇక చేతిరాత. మా నాయిన చిన్నప్పుడు కిరాణా దుకాణంలో పద్దులు రాసిండు. అందుకని అరను ½ అని రాయడు, అంకె పక్కన రెండు నిలువు గీతలు గీస్తడు. 'పొ 2॥' అంటే పొద్దున రెండున్నర లీటర్లు. నేను దాన్ని 211 అని చదివిన. ఒక్క పూటకు 211 లీటర్లు ఇచ్చే బర్రె మా జిల్లాలో లేదు కాబట్టి వెంటనే దొరికింది. ఒక్క గీత ఉన్నచోట మాత్రం మోసపోయిన. '1।' అంటే ఒకటింపావు, నేను 11 అని వేసిన. రెండు బర్రెలు మంచిగ ఇచ్చే రోజుల్లో 11 కూడా నమ్మేటట్టే ఉంటది. అటు ఇటు రోజుల్లో ఎంత పోసిండో చూస్తేనే తెలిసింది. 'మా' అంటే మాపు, సాయంత్రం పాలు. రాసినాయనకు ఇట్లాంటి గుర్తులు ఎన్ని ఉన్నయో ముందే ఒక కాగితం మీద రాసుకోండి.

షీట్ కూడా ఇక్కడ ఒక దెబ్బ కొడ్తది. 1/2 అని టైపు చేస్తే అర లీటరు కాస్తా తేదీగా మారిపోతది. కూలోళ్లు 5-6 మంది అని రాసినా అంతే. చేతిరాత వరుసను ముందే ప్లెయిన్ టెక్స్ట్‌గా పెట్టి, ఉన్నది ఉన్నట్టు 2॥ అని ఎక్కించండి. కూడిక కావాలంటే పక్కన వేరే వరుసలో 2.5 వేసుకోండి.

అన్నిటికన్నా గట్టి చిక్కు 24/31 గడి. శుక్రవారం మొదలై 31 రోజులుండే నెల అయిదు వారాల గడుల్లో పట్టదు. కొందరు 31ని నెల మొదట్లో ఖాళీగా ఉన్న గడిలో వేస్తరు, మా క్యాలెండర్‌వాళ్లు 24తోనే గీత పెట్టి ఇరికించిన్రు. అచ్చులో పేచీ లేదు, కామదహనం 24ది, ఈస్టర్ 31ది. పెన్నుతో మాత్రం రెండు పాల లెక్కలున్నయ్, వాటి కింద మూలకు 'బర్రె ఎద' అని ఉంది. పాల లెక్కల్లో ఒకటి నీలం సిరా, ఒకటి నలుపు. 23న నీలం, 30న నలుపు ఉంది కాబట్టి ఆ రెండూ విడిపోయినయ్. 'బర్రె ఎద' పెన్సిల్‌తో ఉంది, రంగు పట్టి చెప్పేందుకు లేదు.

పాల లెక్క అటు ఇటైతే నెల మొత్తం మారదు గానీ, ఎద తేదీ వారం తప్పితే ఈనే లెక్క కూడా వారం తప్పుతది. అందుకే ఏప్రిల్ పేజీ తీసిన. 14వ తేదీ గడిలో 'మల్ల ఎద' అని కనబడ్డది. బర్రె చూలు కట్టకపోతే దాదాపు 21 రోజులకు మళ్లీ ఎదకొస్తది. మార్చి 24కు 21 కలిపితే సరిగ్గా ఏప్రిల్ 14. 31 నుంచి లెక్కిస్తే 21 వస్తది, ఆ గడిలో ఏమీ లేదు. ఒకట్రెండు రోజులు అటు ఇటైనా వారం తేడా రాదు. 24 దగ్గర రాసి, అనుమానం వరుసలో 'ఏప్రిల్ 14ను బట్టి' అని పెట్టిన. ఎందుకు అక్కడ పెట్టిన్నో రాయకుంటే ఆర్నెల్ల తర్వాత నాకే గుర్తుండదు. అసలు తేలనిదాన్ని రెండు తేదీల్లోనూ రాసి, రెండు చోట్లా ప్రశ్నార్థకం పెడ్త. ఊహించి ఒకచోట పడేస్తే అది నిజమైపోతది.

ఫొటో విషయం ఒక్క మాట. మా నాయిన పెన్సిల్ రాతలు ఫ్లాష్‌లో మాయమైనయ్, నున్నటి కాగితం తెల్లగా మెరిసి మింగేసింది. పేజీని నేల మీద పరిచి, పొద్దుగాల తలుపు పక్కనుంచి వచ్చే వెలుతురులో నాలుగు ముక్కలుగా తీస్తే పెన్సిల్ నొక్కు కూడా కనబడ్డది. వెనక పేజీ అక్షరాలు ఇవతలికి కనబడుతుంటే కింద నల్ల కాగితం పెట్టండి.

రాసినవాళ్లు ఇంట్లో ఉంటే అడగండి గానీ, తేదీ చెప్పి అడగకండి. 24నా 31నా అంటే మా నాయిన "నాకేం యాదుంటదిరా" అన్నడు. పొయ్యికాడినుంచి మా అమ్మ అందుకుంది: "కాముడు కాలవెట్టిన నాడే గదా, బర్రె ఒకటే అరుసుడు."