ఇంట్లో చెప్పని కార్డు అప్పు

"కార్డు బాకీ 1,80,000 అయింది, నెలనెలా మినిమం కడుతున్నా తగ్గట్లేదు, ఇంట్లో ఎవ్వరికీ తెలీదు. ఏం చెయ్యాలి?"

బ్రదర్, నాదీ సేమ్ అమౌంటే, ఉప్పల్‌లో ఉంటాం, ఏడాది దాచా. నెలకి 9,000 మినిమం కడితే మూడున్నర శాతం లెక్కన వడ్డీకే 6,300, దాని మీద జీఎస్టీ 1,134, ఇంక అసల్లో తగ్గేది పదిహేను వందల చిల్లర, మళ్లీ ఒక్కసారి కార్డు గీకితే అదీ గాయబ్.

ఒక ఆదివారం అన్నాలయ్యాక స్టేట్‌మెంట్ ప్రింటు తీసి అందరి ముందూ పెట్టేశా. మా ఆవిడ తిట్టలేదు, ఎంగిలి కంచంలో వేలితో గీతలు గీస్తూ చాలాసేపు కూర్చుంది (తిట్టినా బాగుండేది), తర్వాత లోపలికెళ్లి గాజులు తెచ్చింది. అవి బ్యాంకులో పెట్టి రూపాయి వడ్డీకి గోల్డ్ లోన్ తీసుకుని కార్డు ఒకేసారి కట్టేశాం. మొదటి నెల వడ్డీ 1,800 అంతే. అసలు నెలకి 15,000 చొప్పున 12 నెలల్లో అయిపోద్దని మా పాప నోట్‌బుక్కులో లెక్కేసింది, బయట బిర్యానీ బంద్ అని కూడా అదే రాసింది. కానీ కిస్తీలు ఆపితే గాజులు వేలానికి పోతాయి, అది గుర్తుంచుకో.

ఇంకోటి, కార్డు మొత్తం కట్టేశాక కూడా తర్వాతి స్టేట్‌మెంట్‌లో కొంచెం వడ్డీ వస్తుంది, నువ్వు కట్టిన తేదీ దాకా లెక్కేసింది. అదీ కట్టాకే కార్డు క్లోజ్ చేయించు.