సినిమాలో యాస లేకుండా మాట్లాడేది ఎవరు?

ప్రశ్న: కల్చరల్ హెజిమనీ అంటే పైవర్గాల విలువల్ని జనం మామూలు విషయాలుగా ఒప్పేసుకోవడం అని చదివాను. కానీ సినిమాలు మన మీద ఏదీ రుద్దవు కదా, నచ్చితేనే చూస్తాం. మరి ఇది ఎలా జరుగుతుంది? తెలుగు ఉదాహరణ ఒకటి చెప్పండి.

నేను విజయవాడలో పెరిగాను, ఇప్పుడు గుంటూరులో డిగ్రీ పిల్లలకు పాఠాలు చెబుతాను. ఈ టాపిక్ వచ్చిన రోజు ముందు బోర్డు మీద రెండు వాక్యాలు రాస్తాను. "కాసేపు ఆగు, నేనూ వస్తాను." "జర ఆగు, నేను గూడ వస్త." ఇవి సినిమాలో వినిపిస్తే ఎవరు మాట్లాడుతున్నట్టు, వాళ్ళు ఏం పని చేస్తుంటారు, రాయండి అంటాను. రెండోదానికి జవాబులు టకటకా వచ్చేస్తాయి: ఆటో డ్రైవర్, హీరో పక్కనుండే కమెడియన్, బస్తీ రౌడీ, పనిమనిషి. మొదటిదాని దగ్గర పెన్నులు ఆగిపోతాయి. అది ఎవరైనా అనొచ్చు కదా సార్ అంటారు. డాక్టరు, హీరో, హీరోయిన్ తండ్రి, జడ్జి, ఎవరైనా.

మీరు అడిగింది సరిగ్గా ఇదే. ఒక ప్రాంతంలో చదువుకున్న వాళ్ళ మాట ఏ యాసా లేని "మామూలు తెలుగు" అయిపోయింది, మిగతా వాళ్ళందరిదీ యాస అయిపోయింది. మా కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఎవరినైనా అడిగి చూడండి, మాకు యాస లేదండీ అనే అంటారు. అది గర్వంతో అనే మాట కూడా కాదు, నిజంగా అలాగే అనిపిస్తుంది. ఎందుకు అనిపించదు, పుట్టినప్పటి నుంచి తెర మీద మంచివాళ్ళంతా మా ఇంట్లోవాళ్ళలాగే మాట్లాడుతుంటే!

ఇప్పుడు మీ అసలు సందేహం, ఎవరూ రుద్దకుండా ఎలా అని. డైలాగ్ రైటర్ కుర్చీలో కూర్చుని ఆలోచించండి. ఒక చిన్న పాత్రకి దొరికేది పది పదిహేను సెకన్లు. ఆ కాస్త సేపట్లో వీడు అమాయకుడని గానీ మొరటువాడని గానీ ప్రేక్షకుడికి తెలిసిపోవాలి. అందరికీ ముందే తెలిసిన గుర్తు ఒకటి చేతిలో ఉంది, యాస. అది పెట్టేస్తాడు. హాల్లో నవ్వులు పడతాయి. డిస్ట్రిబ్యూటర్ చూస్తాడు, నిర్మాత చూస్తాడు, తర్వాతి సినిమాకి అలాంటి పాత్ర ఒకటి ఉండాల్సిందే అంటారు. తెలంగాణ మాటకి కామెడీ, రౌడీయిజం; సీమ మాటకి కత్తులు, సుమోలు; శ్రీకాకుళం "ఏటి"కి అమాయకత్వం. ఈ వరసలో ఏ ఒక్కరూ ఫలానా ప్రాంతాన్ని తక్కువ చేద్దాం అని కూర్చుని నిర్ణయించి ఉండక్కర్లేదు. ఎవరి పని వాళ్ళు చేసుకుంటూ పోతే చాలు.

కానీ ఆ గుర్తు అలాగే ఎందుకు స్థిరపడింది, తిరగబడి ఎందుకు లేదు అంటే డబ్బు దగ్గరికి వెళ్ళాలి. 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట వచ్చింది, డెల్టాకి కాలువ నీళ్ళు వచ్చాయి, రెండు మూడు తరాల్లో వ్యవసాయ మిగులు చేరింది. ఆ మిగులు చదువుల్లోకి, ప్రెస్సుల్లోకి, పత్రికల్లోకి, తర్వాత మద్రాసు వెళ్ళి సినిమాల్లోకి పారింది. విజయవాడ గాంధీనగర్‌లో డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులు వెలిశాయి. డిస్ట్రిబ్యూటర్లు ఇచ్చే అడ్వాన్సులతో సినిమాలు తయారైన కాలంలో, వాళ్ళ చెవికి సహజంగా వినిపించే తెలుగే తెర మీద సహజమైన తెలుగు అయింది. తర్వాత పరిశ్రమ మద్రాసు నుంచి హైదరాబాద్ వచ్చింది, మాట మాత్రం డెల్టాదే ఉండిపోయింది. కథ జరిగేది హైదరాబాద్‌లో, హీరో మాట్లాడేది బెజవాడలా, అతన్ని ఎక్కించుకున్న ఆటో అతను ఒక్కడే హైదరాబాద్‌లా మాట్లాడతాడు. దశాబ్దాలపాటు ఇది చూసి ఇదేంటి అని మా వైపు ఎవరూ అడగలేదు. వింతైన విషయం వింతగా కనిపించకపోవడమే హెజిమనీ పనిచేస్తోందనడానికి అన్నిటికన్నా గట్టి ఆనవాలు.

హెజిమనీ అనే ఈ ఆలోచనకి పేరు తెచ్చిన ఇటలీ కమ్యూనిస్టు నాయకుడు ఆంటోనియో గ్రాంసీ కూడా ఇలా చిన్నచూపుకి గురైన చోటి నుంచే వచ్చినవాడు. పుట్టింది 1891లో, ఇటలీ వాళ్ళు వెనకబడినదిగా చూసే సార్డీనియా దీవిలో. స్కాలర్‌షిప్ మీద టూరిన్ యూనివర్సిటీకి వెళ్ళి భాషాశాస్త్రం చదివాడు. 1926లో ముస్సోలినీ ప్రభుత్వం అరెస్టు చేశాక జైల్లో రాసుకున్న నోటుబుక్కుల్లో ఆఖరిది, 1935 నాటిది, వ్యాకరణం గురించే. భాష గురించి గొడవ మొదలైందంటే సమాజంలో ఇంకేవో సమస్యలు పైకి వస్తున్నాయని, సాంస్కృతిక ఆధిపత్యం తనని తాను మళ్ళీ సర్దుకుంటోందని అందులో అంటాడు. తెలంగాణ ఉద్యమంలో "మా యాసని ఎక్కిరిస్తున్నారు" అన్న మాట నీళ్ళు, నిధులు, నియామకాల పక్కనే ఎందుకు వినిపించిందో దీన్ని చదివితే నాకు బాగా అర్థమైంది.

గ్రాంసీలో నాకు ముఖ్యం అనిపించేది సమ్మతి. బలవంతం ఉంటే ఎదురు తిరుగుతాం, సమ్మతి ఉన్నచోట ఎదురు తిరగడానికి ఏమీ కనిపించదు. నేను హైదరాబాద్‌లో పీజీ చేసినప్పుడు నా రూమ్మేట్‌ది వరంగల్ దగ్గర పల్లె. ఫోన్‌లో వాళ్ళమ్మతో ఒక తెలుగు, ప్రొఫెసర్ గదిలోకి వెళ్ళగానే ఇంకో తెలుగు. వైవాకి ముందు అద్దం దగ్గర "వస్త" బదులు "వస్తాను" అని ప్రాక్టీసు చేసేవాడు. ఎవరు చెప్పార్రా నీకు అంటే, "ఎవలు చెప్తరు, తెల్వదా" అన్నాడు. తెలంగాణ కమెడియన్ సీన్లకి మాతో పాటే పడీ పడీ నవ్వేవాడు కూడా. తన మాటని చూసి నవ్వడానికి తనే టికెట్ కొన్నాడు. అది తల్చుకుంటే నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

అయితే జనం మైనపు ముద్దలు కారు. మీడియా, సంస్కృతుల మీద పనిచేసిన బ్రిటన్ పండితుడు స్టూవర్ట్ హాల్ 1973లో చెప్పినట్టు ఒకే కార్యక్రమాన్ని కొందరు తయారుచేసినవాళ్ళు అనుకున్నట్టే తీసుకుంటారు, కొందరు సగం ఒప్పుకుని సగం బేరమాడతారు, కొందరు ఎదురు తిరిగి చదువుతారు. నా రూమ్మేటే తర్వాత ఉద్యమంలో తిరిగాడు. 2014లో రాష్ట్రం వచ్చాక తెర కూడా మారింది. 2017లో ఫిదా హీరోయిన్ తెలంగాణ మాట మాట్లాడింది, 2023లో బలగం మొత్తం ఆ మాటలోనే నడిచింది, మా గుంటూరు పిల్లలు కూడా ఇష్టంగా చూశారు. ఇది నిజమైన మార్పు, నేను కాదనను. కానీ చాలా సినిమాల్లో ఆ యాస ఇప్పటికీ ఏదో ఒకటి చెప్పడానికే వస్తుంది, ఈ అమ్మాయి చలాకీ అనో, ఈ కథ పల్లెటూరిదనో. ఏమీ చెప్పకుండా ఊరికే మాట్లాడే హక్కు ఇంకా మా మాటకే ఎక్కువ ఉంది.

ఇంకోటి, "మా మాట" అంటున్నాను గానీ అది జిల్లా అందరిదీ కాదు. గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోసే హమాలీ మాటా, పల్నాడు రైతుకూలీ మాటా హీరో నోట మామూలు మాటగా మీరు ఎప్పుడు విన్నారు? ప్రాంతం అని పైకి కనిపించే దాని లోపల కులం, భూమి, చదువు ఉన్నాయి.

మీరే పరీక్షించి చూడాలనుకుంటే తెలుగులోకి డబ్ అయిన ఇంగ్లీషు యాక్షన్ సినిమానో పిల్లల కార్టూనో పెట్టండి. తెలుగు సినిమా అయితే ఆ పాత్రది ఫలానా ఊరు, అందుకే ఆ యాస అని సర్దిచెప్పొచ్చు. ఇక్కడ ఆ సాకు లేదు, వాళ్ళెవరిదీ మన నేల కాదు. కళ్ళు మూసుకుని హీరో ఏ జిల్లావాడిలా వినిపిస్తున్నాడో, వెర్రిబాగుల స్నేహితుడు ఏ జిల్లావాడిలా వినిపిస్తున్నాడో ఒక కాగితం మీద రాసుకోండి.