సైకిల్ సింకింగ్ చార్ట్ ప్రకారం వ్యాయామం, తిండి మార్చుకోవాలా?

ప్రశ్న: అనంతపురంలో ఉంటాను, 29 ఏళ్లు. ఈ మధ్యే జిమ్‌లో చేరాను. పీరియడ్స్‌లో పూర్తి రెస్ట్, 6 నుంచి 14వ రోజు దాకా బరువులు, 15వ రోజు నుంచి యోగా మాత్రమే చేయమని చెప్పే సైకిల్ సింకింగ్ చార్ట్ ఒకటి చూశాను. గింజలు కూడా పదిహేను రోజులకోసారి మార్చి తినాలట. నాకు డేట్ 33-35 రోజులకు వస్తుంది. ఇది పాటించాలా? నిజంగా రుజువుందా అక్కా?

జవాబు:

ఆ చార్ట్ వద్దు చెల్లీ. నేనూ ఇదే ఊళ్లో ఆడవాళ్లకు బరువుల వ్యాయామం నేర్పిస్తాను. ఈ చార్ట్ ఫోన్‌లో పెట్టుకుని వచ్చేవాళ్లు నా బ్యాచ్‌లో చాలామందే ఉన్నారు. కాబట్టి నీ లెక్కతోనే చెప్తాను.

ఆ చార్ట్ 28 రోజుల నెలసరికి, 14వ రోజున అండం విడుదలవుతుందనుకుని గీసింది. 2019లో ఆరు లక్షలకు పైగా నెలసరుల రికార్డులు పరిశీలిస్తే, సరిగ్గా 28 రోజులకు వచ్చినవి నూటికి 13 మాత్రమే. నెలసరి ఆలస్యమైతే సాగేది ఎక్కువగా మొదటి సగమే. అండం విడుదలయ్యాక మళ్లీ డేట్ వచ్చేదాకా ఉండే కాలం చాలామందిలో 12-14 రోజులే. నీకు 34 రోజులనుకుంటే, అందులోంచి 13 తీసేయి. అండం విడుదలయ్యేది సుమారు 21వ రోజున. చార్ట్ నిన్ను 15వ రోజు నుంచే యోగాకు మళ్లిస్తోంది. అంటే అండం విడుదలయ్యాకే పెరిగే ప్రొజెస్టెరాన్ హార్మోన్ ఇంకా పెరగని వారం రోజుల పాటు, అది పెరిగిందనుకుని నీ బరువులు ఆపేయిస్తోంది. పైగా డేట్ సక్రమంగా వస్తున్నా ఏదో ఒక నెల అండం విడుదల కాకపోవచ్చు. కచ్చితంగా తెలియాలంటే అండోత్పత్తి కిట్, రక్తంలో ప్రొజెస్టెరాన్ పరీక్ష కావాలి. వేళ్ల మీద లెక్కపెడితే తెలిసే విషయం కాదు.

ఇంకో నష్టం కూడా చూడు. వారానికి మూడుసార్లు బరువులు ఎత్తితే 34 రోజుల్లో పద్నాలుగు సార్లు అవుతుంది. చార్ట్ ఇచ్చిన తొమ్మిది రోజుల్లో మహా అయితే నాలుగుసార్లు. మిగతా మూడున్నర వారాల్లో కండ కరిగిపోదు గానీ, పెరగడానికి కారణం కూడా ఉండదు. ప్రతి నెలా దాదాపు అదే బరువుతో మళ్లీ మొదలుపెడతావు.

రుజువు సంగతికొస్తే, 2020లో 78 అధ్యయనాలను కలిపి చూసిన సమీక్ష ఒకటుంది. నెలసరి మొదటి రోజుల్లో సామర్థ్యం కాస్త తగ్గొచ్చు గానీ ఆ తేడా అతి స్వల్పమని, అధ్యయనాల్లో చాలావాటి నాణ్యత కూడా తక్కువేనని అందులో తేలింది. అందరికీ వర్తించే సలహా ఇవ్వలేమని, ఎవరికి వారికి చూసుకోవాలనీ వాళ్లే రాశారు. తర్వాత కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీ వాళ్లు అండం విడుదలకు ముందు, తర్వాత ఉండే రెండు దశల్లోనూ బరువులు ఎత్తించి, కండలో ప్రొటీన్ తయారయ్యే వేగాన్ని కొలిచారు. తేడా కనబడలేదు. అది పన్నెండు మందితో చేసిన చిన్న అధ్యయనమే, కానీ దశను క్యాలెండర్‌తో ఊహించకుండా హార్మోన్లు కొలిచి నిర్ధారించుకున్నారు, అందుకే నాకు దాని మీద నమ్మకం. మొదటి సగంలో ఎక్కువ ఎత్తితే లాభమని చెప్పిన అధ్యయనాలూ కొన్ని ఉన్నాయి. అవీ చిన్నవే, ఈ చార్టులన్నీ ఎక్కువగా వాటినే చూపిస్తుంటాయి.

అలాగని నొప్పి, నీరసం ఉండవని నేననను. మొదటి రెండు రోజులు నడుము విరిగిపోయేవాళ్లున్నారు, డేట్‌కు ముందు వారం నిద్ర పట్టనివాళ్లున్నారు. నా బ్యాచ్‌లో పద్ధతి ఇదీ: తేదీ చూడం, వార్మప్ చూస్తాం. మామూలుగా ఎత్తే బరువుతో ఒక సెట్ చేసి, 'ఇంకో రెండు మూడు సార్లు లేపగలను' అనిపిస్తే ఆరోజు మామూలుగానే. అప్పటికే చేతులెత్తేసేలా ఉంటే బరువు ఐదో వంతు తగ్గిస్తాం, ఒక సెట్ వదిలేస్తాం. మరీ బాగోకపోతే ఇంటికెళ్లి పడుకోవడంలో తప్పేం లేదు. నెలసరి నొప్పికి వారానికి మూడుసార్లు, ముప్పావుగంట నుంచి గంట చొప్పున చేసే వ్యాయామం ఉపశమనం ఇవ్వొచ్చని 2019 కాక్రేన్ సమీక్షలో ఉంది. రుజువు బలహీనమే గానీ, అది చూపించేది మాత్రం పూర్తి రెస్ట్ వైపు కాదు.

నన్ను నిజంగా భయపెట్టేది వేరే ఉంది. నా బ్యాచ్‌లో బ్యాంకులో పనిచేసే ఒకావిడ చార్ట్ ప్రకారమే చేసేది. మెట్లెక్కితే ఆయాసం, 40 కిలోల స్క్వాట్ కాస్తా 30కి పడిపోయింది. 'ఇది నా ఫేజ్ అక్కా' అనేది. మూడు నెలలు రోజుకో లైను రాయమన్నాను: రక్తస్రావం ఎంత, నిద్ర ఎలా ఉంది, ఎంత బరువు ఎత్తింది. చార్ట్ 'అత్యంత బలమైన రోజులు' అని చెప్పిన డేట్ తర్వాతి వారమే ఆమెకు అన్నిటికంటే నీరసంగా ఉండేది. మొదటి మూడు రోజులు గంటన్నరకో ప్యాడ్ మార్చేది. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9.4, ఒంట్లో ఐరన్ నిల్వలు చెప్పే ఫెరిటిన్ 15 కంటే తక్కువ. డాక్టరమ్మ ఐరన్ మాత్రలు రాసి, రక్తం ఎందుకంత పోతోందో చూడటానికి స్కానింగ్, థైరాయిడ్ పరీక్ష కూడా చేయించారు. హిమోగ్లోబిన్ పెరిగేకొద్దీ బరువులు కూడా పెరిగాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. అలాంటి చోట నీరసాన్ని ఫేజ్ కింద జమకట్టడం నాకు ప్రమాదంగానే కనబడుతుంది.

తిండి విషయం తేలిక. డేట్‌కు ముందు రోజుల్లో ఆకలి పెరగడం నిజమే. అధ్యయనాలన్నీ కలిపి చూస్తే సగటున రోజుకు 170 కేలరీల లోపు తేడా, అంటే గుప్పెడు వేయించిన చెనక్కాయ విత్తనాలంత. ఆకలైతే తిను, అంతే. మొదటి సగం అవిసె, గుమ్మడి గింజలు, రెండో సగం నువ్వులు, పొద్దుతిరుగుడు గింజలు తింటే హార్మోన్లు సర్దుకుంటాయనడానికి నమ్మదగ్గ రుజువు లేదు. గింజలు మంచివే, ఏవైనా ఎప్పుడైనా తినొచ్చు. వాటికి పెట్టే డబ్బుతో రోజూ ఒక గుడ్డో, ఇంకో గరిటె పప్పో పెంచుకుంటే కండకు మేలు. ఐరన్ కోసమైతే ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండుకో, అన్నం తిన్న వెంటనే టీ తాగకు.

ఒక్క మార్పు మాత్రం మన ఊరి ఎండను బట్టి చెప్తాను. అండం విడుదలయ్యాక ఒంటి వేడి 0.3 నుంచి 0.5 డిగ్రీలు పెరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఆ రోజుల్లో పరుగు ఉంటే పొద్దున్నే ముగించుకో, నీళ్లు దగ్గర పెట్టుకో.

నీ 33-35 రోజులు మామూలే, 24 నుంచి 38 దాకా సాధారణం కిందే లెక్క. గర్భం కాకుండా మూడు నెలలు డేట్ రాకపోయినా, వ్యాయామం పెంచి తిండి తగ్గించాక డేట్ ఆగిపోయినా, వారం దాటి రక్తం పోతున్నా, గంట రెండు గంటలకే ప్యాడ్ తడిసిపోతున్నా గైనకాలజిస్టును కలువు. గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లకైతే ఈ దశలే ఉండవు, మాత్రలు ఆపిన రోజుల్లో వచ్చే రక్తస్రావం వేరు.

నీకూ నీరసంగా ఉంటే సీబీసీతో పాటు ఫెరిటిన్ కూడా రాయమని అడుగు. ఒంట్లో ఐరన్ నిల్వలు అడుగంటినా హిమోగ్లోబిన్ కొంతకాలం 12 పైనే కనబడుతుంది, అదొక్కటే చూసి అంతా బాగుందని పంపించేస్తారు.