కావలెను, కావాలి, కావలి

సందేహం: మా సంస్థలో గోడౌన్ ప్యాకింగ్ పనికి, అకౌంటెంట్ పనికి మనుషుల కోసం ఫోన్ సందేశాలు రాసే బాధ్యత నాది. పూర్తిగా తెలుగులో రాసి ‘కావలెను’ అంటే పాతకాలపు బోర్డులా ఉందంటున్నారు. ఇంగ్లిష్ కలిపితే తెలుగు చంపేశావంటున్నారు. ‘కావలెను’ తప్పా? ఏది తెలుగులో రాయాలి, ఏది కలిపి రాయాలి?

సమాధానం: ‘కావలెను’ తప్పు కాదు. ఆ మాట మీద నాకు కాస్త మమకారం కూడా ఉంది, అందుకని ముందు దాని సంగతి. ‘అగు’ ధాతువు నుంచి వచ్చిన ‘కా’కు ‘వలెను’ చేరితే కావలెను. ఈ ‘వలెను’కు మూలం ‘వలయు’: అవసరమగు, ఇష్టమగు అని అర్థం. వలచు, వలపు దీని ఇంటివేనని నాకు తోస్తుంది, కానీ తెగేసి చెప్పను. దీని వ్యతిరేకం ‘వలదు’ నోట్లో నలిగి ‘వద్దు’ అయింది. చేయవలెను చేయాలి అయినట్టే, రావలెను రావాలి అయినట్టే, కావలెను కావాలి అయింది. అంటే రెండూ ఒకటే మాట. ఒకటి ఇస్త్రీ బట్టలు కట్టుకుంది, రెండోది ఇంట్లో కట్టుకునేవి.

ఉద్యోగ ప్రకటనకు ఈ మాటలో ఒక సుగుణం ఉంది. దీనికి లింగమూ లేదు, వచనమూ లేదు. ఒకరు కావాలి, ఆరుగురు కావాలి, ఆడవారు కావాలి, మగవారు కావాలి, క్రియ కదలదు. అదే ‘పని తెలిసినవాడు’ అని మొదలుపెట్టారో, సగం మంది అది తమకు కాదనుకుంటారు. ‘పని తెలిసినవారు’ అంటే చాలు. నియామకాల్లో ఆడా మగా తేడా చూపకూడదని 1976 నాటి సమాన వేతన చట్టమే చెప్పింది. వ్యాకరణం ఆ పని అంతకుముందే చేసి పెట్టింది, మనమే వాడుకోం.

ఇక తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో రాసే అలవాటు చూడండి. `night shift ki kavali manishi` అని వచ్చిన సందేశాన్ని ఏమని చదవాలి? ‘కావాలి మనిషి’ అనా, ‘కావలి మనిషి’ అనా? కావలి ‘కాచు’ నుంచి వచ్చింది, కాపలా అని దాని అర్థం. ప్యాకింగ్‌కు పిలిస్తే వాచ్‌మన్ పనికి మనుషులొస్తారు. ఒక్క దీర్ఘం మింగినందుకు ఇంత!

అక్షరాల ఖర్చు కోసం అలా రాస్తున్నామంటారు. ఎస్సెమ్మెస్ వరకు అందులో నిజం లేకపోలేదు. ఇంగ్లిష్ అక్షరాలైతే ఒక ఎస్సెమ్మెస్‌లో 160 పడతాయి, తెలుగైతే 70. పైగా ‘స్త్రీ’ మన కంటికి ఒక్క అక్షరమే అయినా ఫోను లెక్కలో ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారపు గుడి. అయితే సందేశంలో ఒక్క తెలుగు అక్షరం ఉన్నా మొత్తం సందేశానికి 70 లెక్కే వర్తిస్తుంది. కాబట్టి సగం తెలుగు లిపి, సగం ఇంగ్లిష్ లిపి రాసి ఆదా చేశామనుకోవడం భ్రమ. వాట్సాప్ సందేశానికి ఈ లెక్క లేదు గనుక అక్కడ ఆ సాకూ చెల్లదు.

ఇప్పుడు మీ గోడౌన్ సంగతి. ఇలాంటి సందేశాలు రోజూ కనబడుతున్నాయి: ‘మా డైనమిక్ టీమ్‌లో చేరడానికి మేము ప్యాకింగ్ ఎగ్జిక్యూటివ్స్ కోసం చూస్తున్నాము. అభ్యర్థులు సంబంధిత రంగంలో అనుభవం కలిగి ఉండాలి. భోజనం ఇవ్వబడును. సీటీసీ ఆకర్షణీయం.’ ఇది తెలుగు లిపిలో ఉన్న ఇంగ్లిష్. ‘కోసం చూస్తున్నాము’ అంటే తెలుగులో ఎదురుచూడటం, లేదా పోయినదాన్ని వెతకడం. ‘అనుభవం కలిగి ఉండాలి’ ఎందుకు, ‘ఏడాదైనా పనిచేసి ఉండాలి’ అంటే ఎంతకాలమో కూడా తెలుస్తుంది. ‘ఇవ్వబడును’లో ఇచ్చేదెవరో, దానికి జీతంలో కోస్తారో లేదో దాగిపోతుంది. ‘మధ్యాహ్నం భోజనం మేమే పెడతాం’ అనండి.

నేనైతే ఇలా రాస్తాను: ‘గోడౌన్‌లో ప్యాకింగ్ పనికి 6 మంది కావాలి. ఆడవారైనా మగవారైనా రావచ్చు. కొత్తవారికి పని నేర్పిస్తాం. ఉదయం 9 నుంచి సాయంత్రం 6 దాకా పని, ఆదివారం సెలవు. జీతం 15,000, పీఎఫ్, ఈఎస్ఐ పోగా చేతికి 13,087. ఆధార్ కార్డు తీసుకుని 12వ తేదీ సోమవారం ఉదయం 10కి రండి.’ గోడౌన్, ప్యాకింగ్, పీఎఫ్ అలాగే ఉన్నాయి. ఆ పనివాళ్ల నోట్లో ఉన్న మాటలవి. ‘గిడ్డంగి’ రాసినా తప్పులేదు గానీ, ‘సరుకుల బంధన కార్మికులు’ అని రాయకండి, దండం పెడతాను. తేదీ బదులు ‘రేపు రండి’ అని మాత్రం రాయవద్దు. సందేశం చేతులు మారుతుంది, పదో రోజున చదివినవాడికీ రేపు రేపే.

జీతం అంకె రెండుసార్లు ఎందుకంటారా? ‘జీవితము’ సంస్కృతం, దాని తద్భవం ‘జీతము’. బతకడానికి చేతికొచ్చేది జీతం. ‘అడిగిన జీతంబియ్యని’ దొర కొలువుకన్నా ఎద్దులు కట్టుకుని దున్నుకోవడం మేలని సుమతీ శతకకారుడు తేల్చేశాడు, ఆకర్షణీయం గురించి ఆయన మాట్లాడలేదు. 15,000 అంతా మూలవేతనమే అనుకోండి. అందులో పనివాడి వాటాగా పీఎఫ్ 12 శాతం, అంటే 1,800 పోతుంది. ఈఎస్ఐ 0.75 శాతం పైరూపాయికి సవరిస్తే 113. మిగిలేది 13,087. యజమాని తన వాటా పీఎఫ్ 1,800, ఈఎస్ఐ 3.25 శాతం కింద 488 కలిపి చూపితే అదే ఉద్యోగం 17,288 అవుతుంది. సీటీసీ అనేది ఆ పెద్ద అంకె. దాన్ని ‘జీతం’ అని తెలుగు చేసి పంపితే, నెల తిరిగాక మనిషి నాలుగు వేలు తగ్గాయని తగాదాకు వస్తాడు. ఇక్కడ తప్పు అనువాదానిదే.

అకౌంటెంట్‌కు మాత్రం కలిపే రాయండి. ‘గణకుడు కావలెను’ అంటే జ్యోతిష్కులు కూడా వస్తారు, ఆ మాటకు ఆ అర్థమూ ఉంది. ‘అకౌంటెంట్ కావాలి. Tallyలో జీఎస్టీ ఎంట్రీలు, Excelలో స్టాక్ లెక్కలు సొంతంగా చేయగలవారు’ అంటే సరి. తెర మీద ఎలా కనబడుతుందో ఆ పేరు అలాగే ఉంది, విభక్తి తెలుగుది, క్రియ తెలుగుది. నామవాచకాలు ఎక్కడినుంచి వచ్చినా ఫరవాలేదు. ‘ఖాళీ’ అరబ్బీ, ‘దరఖాస్తు’ పారసీ, వాటిని మనవనుకునే వాడుతున్నాం. షరతులు, నిషేధాలు, డబ్బు కోతలు చెప్పే వాక్యం మాత్రం తెలుగు నడకలోనే ఉండాలి. ఆ ఉద్యోగి రోజూ ఇంగ్లిష్‌లో ఉత్తరాలు రాయవలసిన వాడైతే, ఆ ఒక్క షరతూ ఇంగ్లిష్‌లోనే రాయండి. చదవలేనివారు అక్కడే ఆగిపోతారు.

ఎక్కడైనా అనుమానం వస్తే సందేశాన్ని ఫోన్‌లో ఎవరికైనా చదివి వినిపించండి. గోడౌన్ పనికి వచ్చేవారిలో చాలామందికి దాన్ని పిల్లలో పక్కింటివారో చదివి చెప్పేదే. విన్నవారు ‘అంటే?’ అని అడిగినచోట మాట మార్చండి. మరి ‘కావలెను’ సంగతి: గేటుకు కట్టే బోర్డు మీద ఉంటే నాకు ముచ్చటే, ఫోన్ సందేశంలో ‘కావాలి’ నయం. అయితే పై వాక్యంలో కావలెను, కింది వాక్యంలో ‘రండి’ పెట్టి రెంటినీ ముడివేయకండి. కావలెను అన్నవారు ‘రావలెను’ అనే అనాలి.