కోటి కవర్ అరవై దాకానా, డెబ్భై ఐదు దాకానా?

ప్రశ్న: నా వయసు 36. ఉండేది గాజువాక, ఉద్యోగం పరవాడ ఫార్మా కంపెనీ ప్రొడక్షన్‌లో. జీతం నెలకు 70 వేలు. భార్య ఇంట్లోనే ఉంటుంది, ఆరేళ్ల పాప ఉంది. హోమ్ లోన్ ఇంకా 24 లక్షలు. టర్మ్ పాలసీకి ఏజెంట్ గారు ఇచ్చిన కోట్స్ ఇవి: కోటి రూపాయల కవర్ 60 ఏళ్ల దాకా అయితే ఏడాదికి 13,800, 75 దాకా అయితే 21,600, 60 దాకా ఉండి, కట్టినదంతా వెనక్కి ఇచ్చేది 27,900. మొదటి రెంటికీ రైడర్లు 7,200 అదనం (యాక్సిడెంట్ 50 లక్షలకు 2,500, క్రిటికల్ ఇల్‌నెస్ 10 లక్షలకు 4,100, ప్రీమియం మాఫీ 600). ఏది తీసుకోవాలి? ఒక ఏడాది ఆగితే చాలా నష్టమా?

జవాబు: 60 ఏళ్ల దాకా ఉండే మామూలు టర్మ్ పాలసీయే తీసుకోండి. కాకపోతే కవర్ పెంచండి. రైడర్లలో ప్రీమియం మాఫీ ఒక్కటి ఉంచుకుంటే చాలు.

ముందు కాలపరిమితి సంగతి చూద్దాం, మీ కోట్స్‌లో ఎక్కువ డబ్బు పోయేది అక్కడే. మన బీమా కంపెనీలు వాడే 2012-14 మరణాల పట్టిక ప్రకారం 36 ఏళ్ల వాళ్లు పదివేల మందిలో ఏడాదికి 13 మంది దాకా చనిపోతారు. 60 ఏళ్ల వాళ్లలో అది 110 దాటుతుంది, ఆ తర్వాత ఇంకా వేగంగా పెరుగుతుంది. ప్రీమియం మాత్రం మొదటి ఏడాది నుంచి చివరి ఏడాది దాకా ఒక్కటే. అంటే 60 నుంచి 75 మధ్య ఉండే పెద్ద రిస్కుకు మీరు ఇవాళ్టి నుంచే ముందస్తుగా కడతారన్నమాట. రెండు కోట్స్ మధ్య తేడా 7,800 అదే. 24 ఏళ్లలో అది 1,87,200 అవుతుంది. "75కి తీసుకుని, అరవైలో అక్కర్లేదనిపిస్తే ఆపేద్దాం" అని చాలామంది అనుకుంటారు. అలా ఆపేస్తే మామూలు టర్మ్ పాలసీలో ముందస్తుగా కట్టిన ఆ డబ్బు తిరిగి రాదు. ఆపకపోతే రిటైరయ్యాక మరో 15 ఏళ్లు 21,600 చొప్పున కట్టాలి.

60 నాటికి మీ పాపకు 30 ఏళ్లు, లోన్ తీరిపోయి ఉంటుంది, మీ జీతమూ ఆగిపోతుంది. టర్మ్ పాలసీ నిలబెట్టేది ఆ జీతాన్నే. ధరలు ఏడాదికి 6 శాతం పెరిగితే, మీ 65వ ఏట వచ్చే కోటి రూపాయలు ఇవాళ్టి లెక్కలో 18 లక్షల పైచిలుకే. బిడ్డ జీవితాంతం మీ మీద ఆధారపడాల్సిన పరిస్థితి ఉంటే నేనూ 75 దాకా తీసుకోమనే చెబుతాను. మీ ఉత్తరంలో అలాంటిదేమీ కనపడలేదు.

అసలు లోటు కవర్‌లో ఉంది. మీరు లేకపోతే ఈఎంఐ కాకుండా ఇల్లు నడవడానికి నెలకు 35 వేలు కావాలనుకుందాం. 24 ఏళ్ల పాటు, ఏటా 6 శాతం పెంచుకుంటూ, మిగిలిన డబ్బు మీద 7 శాతం వడ్డీ వచ్చేలా తీయాలంటే సుమారు 90 లక్షలు కావాలి. దానికి లోన్ 24 లక్షలు, పాప చదువుకు ఒక 20 లక్షలు కలపండి. 1.34 కోట్లు అయింది. కోటి తీసుకుంటే లోన్ తీర్చగానే మీ ఆవిడ చేతిలో 76 లక్షలే మిగులుతాయి. పీఎఫ్‌లో మీ పేరున ఉన్నది ఈ లెక్కలోంచి తగ్గించి చూసుకోవచ్చు. అయినా నేనైతే 1.35 కోట్లకు తగ్గించను.

మీ మొదటి కోట్‌లో లక్ష కవర్‌కు 138 రూపాయలు పడుతోంది. అదే రేటున 1.35 కోట్లకు 18,630. పెద్ద కవర్‌కు చాలా కంపెనీలు లక్షకు పడే రేటు తగ్గిస్తాయి కాబట్టి ఇంకా తక్కువే రావచ్చు. 1.35 కోట్లకూ 1.5 కోట్లకూ విడివిడిగా కోట్ అడగండి. ఒక్కోసారి పై మెట్టు ఎక్కితే తేడా కొద్దిపాటే ఉంటుంది. ఎలా చూసినా 75 దాకా ఇచ్చే కోటి కవర్ కంటే ఇది చవక. ఇంకొకటి, వ్యక్తిగత జీవిత బీమా మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ లేదు. మీకు ఇచ్చిన కాగితంలో 18 శాతం కలిపి ఉంటే అది పాత కోట్.

డబ్బు వెనక్కి వచ్చే పాలసీ చాలామందిని ఆకర్షిస్తుంది, అందుకే దీని లెక్క విప్పి చూపిస్తాను. మామూలు పాలసీ కంటే ఏడాదికి 14,100 ఎక్కువ. 60లో చేతికి వచ్చేది 27,900 చొప్పున 24 ఏళ్లది, అంటే 6,69,600. అదనంగా కట్టిన 14,100 మీద చూస్తే అది 5 శాతం వడ్డీకి కాస్త పైన. అదే 14,100 ఏటా పీపీఎఫ్‌లో వేసి, పదిహేనేళ్ల తర్వాత ఐదేళ్ల చొప్పున పొడిగించుకుంటూ పోతే, 7.1 శాతం వడ్డీ ఇలాగే ఉంటే 24 ఏళ్లకు సుమారు 8.9 లక్షలు. మధ్యలో మీకేమైనా అయితే ఆ పాలసీలో వచ్చేది కోటి మాత్రమే, అదనంగా కట్టింది పోయినట్టే. పీపీఎఫ్‌లోది నామినీకి విడిగా అందుతుంది.

రైడర్లలో యాక్సిడెంట్ మరణానికి 50 లక్షలు అనేది నాకు నచ్చదు. మీరు ఎలా పోయినా మీ ఆవిడకు కావలసిన డబ్బు ఒక్కటే, దాన్ని అసలు కవర్‌లోనే పెట్టాలి. బండి మీద పరవాడ వెళ్లొస్తూ ప్లాంట్‌లో పనిచేసే మీకు ఎక్కువ భయపడాల్సింది బతికి ఉండీ పని చేయలేకపోవడం గురించి. దానికి జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ విడిగా తీసుకోండి. అందులో శాశ్వత వైకల్యం, పాక్షిక వైకల్యం రెండూ ఉన్నాయో లేదో చూడండి. 600 రూపాయల ప్రీమియం మాఫీ ఉంచుకోండి, వైకల్యం వచ్చినా పాలసీ ఆగిపోదు. అది ఏ స్థాయి వైకల్యానికి వర్తిస్తుందో మాత్రం చదవండి.

క్రిటికల్ ఇల్‌నెస్‌ పేరులో జబ్బుల జాబితా పెద్దదిగా కనపడుతుంది కానీ, డబ్బు ఇచ్చేది పాలసీలో రాసిన నిర్వచనానికి సరిపోతేనే. ఆరిలోవ హెల్త్ సిటీలో బ్లాకేజీకి స్టెంట్ వేయించుకుని వచ్చిన మనిషికి, బైపాస్ నిర్వచనం కింద ఏమీ రాకపోవచ్చు, యాంజియోప్లాస్టీ అందులో లేదు కాబట్టి. తొలిదశ క్యాన్సర్లకూ ఇలాంటి మినహాయింపులే. పైగా చాలా పాలసీల్లో ఈ రైడర్ ప్రీమియం కొన్నేళ్లకే ఖాయం, తర్వాత పెంచవచ్చు. ఆ 4,100 ముందు కుటుంబ ఆరోగ్య బీమాకు వెళ్లాలి.

ఏడాది ఆగడం గురించి: 37లో అదే కోటి 60 దాకా 14,600 అయిందనుకుందాం. 23 ఏళ్లలో అదనం 18,400, ఈ ఏడాది మిగిలేది 13,800. నికరంగా 4,600 తేడా, దీనికోసం టెన్షన్ పడక్కర్లేదు. ఆగకూడదనేది వేరే కారణాలకు. ఆ ఏడాదంతా ఇంటికి కవర్ ఉండదు. మెడికల్ టెస్టులో షుగరో బీపీయో కొత్తగా బయటపడితే పెరుగుదల వందల్లో ఆగదు, అసలు పాలసీ ఇవ్వకపోనూవచ్చు. కంపెనీ వయసును గడిచిన పుట్టినరోజుతో లెక్కిస్తుందా, దగ్గరి పుట్టినరోజుతోనా అన్నది బ్రోచర్‌లో చూడండి. రెండోదైతే పుట్టినరోజుకు ఆరు నెలల ముందే మీకు 37 పడుతుంది.

ప్రపోజల్ ఫారంలో "ప్రైవేట్ ఉద్యోగం" అని సరిపెట్టనివ్వకండి. ప్రొడక్షన్‌లో పని అని, ఏ రసాయనాల దగ్గరో రాయించండి. సిగరెట్, ఖైనీ, గుట్కా ఏది ఉన్నా చెప్పండి, నికోటిన్ టెస్టులో ఎలాగూ తెలుస్తుంది. దీనివల్ల ప్రీమియం కొంత పెరిగినా కట్టేయండి. మొదటి మూడేళ్లలో క్లెయిమ్ వస్తే కంపెనీ ముందు చూసేది ఈ ఫారంనే. బాండ్ అందగానే దానితో వచ్చే ఫారం కాపీలో ఈ వివరాలు మీరు చెప్పినట్టే ఉన్నాయా అని చూసుకోండి. లేకపోతే 30 రోజుల్లోపు సరిచేయించుకోవచ్చు, కుదరకపోతే పాలసీ వెనక్కి ఇచ్చేయవచ్చు.