బతుకమ్మ ఆహ్వానం గురించి

బిడ్డా,

మీ సంఘం సద్దుల బతుకమ్మకు రాసిన ఆహ్వానం చదివాను. పాటలు, బహుమతుల గురించి బాగానే రాశారు. కానీ 'సాయంత్రం 5 గంటలకు రండి, భోజనం కలదు' అంటే సరిపోదు. ఇక్కడ హనుమకొండలో బతుకమ్మను నెత్తిన పెట్టుకుని పద్మాక్షి గుట్ట దాకా నడిచిపోతాం. మీ దగ్గర బతుకమ్మ కారులో రావాలి. అందుకే ముందు పార్కింగ్ చూసుకోవాలి.

మూడు వందల మంది వస్తారని, స్కూల్ హాలు దగ్గర 120 కార్లకు చోటుందని రాశావు. కారుకు ముగ్గురు లెక్కన 100 కార్లే కదా అనిపిస్తుంది. కానీ వెనక సీట్లో ఒళ్లో తాంబాలం పెట్టుకుంటే పక్కన ఇంకొకరు కూర్చోలేరు. కొందరు ఆడవాళ్లు ముందు వస్తారు, మగవాళ్లు పిల్లలతో ఇంకో కారులో వస్తారు. కారుకు ఇద్దరే అనుకో. 150 కార్లు అవుతాయి, 30 కార్లకు చోటు ఉండదు. దగ్గర్లో ఇంకో పార్కింగ్ స్థలం అడిగి, అనుమతి కాగితం మీద తీసుకోండి. వాలంటీర్ల కార్లన్నీ అక్కడే పెట్టించండి. బతుకమ్మ ఉన్న కారు హాలు గుమ్మం దాకా వచ్చి, దింపి వెళ్లాలని ఆహ్వానంలోనే రాయి.

టైము కూడా విడదీసి రాయి. బతుకమ్మలు తెచ్చేవాళ్లు నాలుగున్నరకు, మిగతావాళ్లు ఐదుకు, ఆట ఐదున్నరకు. నిమజ్జనం చీకటి పడకముందే కావాలి. భోజనం దాని తర్వాతే పెట్టండి. మన దగ్గర నిమజ్జనం అయ్యాకే సత్తులు, సద్దులు పంచుకుంటాం. భోజనం ముందే మొదలుపెడితే ఆట మధ్యలోనే సగం మంది ప్లేట్ల దగ్గరికి పోతారు.

పెరుగన్నం, పులిహోర, నిమ్మకాయ, కొబ్బరి, నువ్వుల సద్ది అన్నీ ఉంటాయి. ఒక్కోటి అందరికీ సరిపడా వండితే బోలెడు మిగులుతుంది. ఎవరైనా అన్నీ కొంచెం కొంచెమే పెట్టుకుంటారు. పెద్దవాళ్లకు తలా 100 గ్రాములు, పిల్లలకు 50 గ్రాముల బియ్యం చాలు. పెద్దలు 200, పిల్లలు 100 మంది అయితే మొత్తం 25 కిలోలు. దాన్నే ఐదు రకాలకు పంచండి. పులిహోర కొంచెం ఎక్కువ చేయండి, పిల్లలు అదే అడుగుతారు. పెరుగన్నం వడ్డించే దాకా ఫ్రిజ్‌లో ఉంచి, బయటికి తీశాక రెండు గంటల్లో అయిపోయేలా చూడండి. పల్లి, నువ్వులు, జీడిపప్పు పడని పిల్లలు ఉంటారు కాబట్టి ఏ గిన్నెలో ఏముందో చీటీ అంటించండి. ఎంతమంది వస్తున్నారో వారం ముందే చెప్పమని ఆహ్వానంలో తేదీ వేసి అడుగు.

వాలంటీర్ల విషయంలో నాది ఒక్కటే పట్టు. ఆట జరిగినంతసేపూ ఏ ఆడపిల్లా వంటింట్లో ఉండకూడదు. గిన్నెలు సర్దడం, వడ్డించడం, పార్కింగ్ అన్నీ మగవాళ్ల పేర్ల మీద రాయి. 'సాయం కావాలి' అని ఊరికే రాస్తే ఎవరూ రారు. 'పార్కింగ్‌కు ఆరుగురు, నాలుగు నుంచి ఆరు దాకా' అని రాస్తే పేరు ఇస్తారు. హాలు ఊడ్చేవాళ్లను కూడా ఇప్పుడే ఒప్పించుకో, భోజనాలయ్యాక అడిగితే ఎవరూ దొరకరు.

నిమజ్జనానికి చెరువు దగ్గర పార్కు వాళ్ల అనుమతి రాకపోతే హాలు బయట పెద్ద నీళ్ల తొట్టి పెట్టండి. అది కూడా ఆహ్వానంలో ఉండాలి, లేకపోతే కొందరు నేరుగా చెరువుకే పోతారు.

మార్చి రాసింది పంపు, చూస్తాను.

మీ పెద్దమ్మ,
హనుమకొండ